కొబ్బరి నూనెకు ఎస్‌పీఎఫ్ 7 అన్న లెక్క ఎక్కడిది?

వేపచిగురు:
ఎక్కడ వెతికినా ఒకే పట్టిక కనిపిస్తోంది. ఆలివ్ నూనె ఎస్‌పీఎఫ్ 7.5, కొబ్బరి నూనె 7.1, ఆముదం 5.7, బాదం నూనె 4.7, అట్టడుగున నువ్వుల నూనె, 2 కూడా లేదు. ఇంకో రకం పేజీల్లో మాత్రం "కొబ్బరి నూనె 20 శాతం యూవీని ఆపుతుంది, నువ్వుల నూనె 30 శాతం" అని రాస్తున్నారు. ఒకచోట నువ్వుల నూనె అందరికంటే కింద, ఇంకోచోట కొబ్బరి కంటే పైన. ఏది నమ్మాలి? 7 అన్నది నిజమే అనుకుంటే, రెండు పూతలు పూస్తే 14 వస్తుందా?

నూనెగానుగ:
పట్టిక నిజమేనండీ, పత్రికలో అచ్చయిన పరిశోధన అది. మిషన్‌లో పెట్టి కొలిచారు. పైగా కొబ్బరి నూనెలో విటమిన్ ఇ ఉంటుంది, అది యూవీని పీల్చుకుంటుంది. 50 రాకపోవచ్చు, ఉదయపు ఎండకు 7 చాలు కదా. రసాయనాల కంటే నయం.

క్యూవెట్:
ముందు ఆ రెండు అంకెలనూ ఒకే భాషలోకి తెచ్చి చూడండి. ఎస్‌పీఎఫ్ 7 అంటే చర్మాన్ని ఎర్రబరిచే కిరణాల్లో ఏడో వంతు లోపలికి వెళ్తుందని అర్థం, అంటే 86 శాతం ఆగాలి. 20 శాతమే ఆగితే 80 శాతం లోపలికి వెళ్తుంది. 1ని 0.8తో భాగిస్తే ఎస్‌పీఎఫ్ 1.25. అదే నూనెకు ఒకచోట 7.1, ఇంకోచోట 1.25 అన్నమాట. ఒకే వ్యాసంలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "కాబట్టి కొబ్బరి నూనె మంచి సన్‌స్క్రీన్" అని రాసేవాళ్లు ఈ భాగహారం చేసి చూడలేదు.

7.1 వచ్చింది 2010లో ఫార్మకాగ్నసీ రీసెర్చ్‌లో కౌర్, సరాఫ్ రాసిన పత్రం నుంచి. 20 శాతం మాట 2011లో ఫార్మకాగ్నసీ రివ్యూస్‌లో వచ్చిన ఒక సమీక్షలో ఉంది. రెండోది అక్కడ ఒక్క వాక్యం, అంతే. మొదటిదానికి పద్ధతి రాశారు కాబట్టి దాన్ని విప్పి చూడొచ్చు.

వాళ్లు చేసింది ఇదీ. 40 పాళ్లు ఆల్కహాల్, 60 పాళ్లు నీళ్లు కలిపిన ద్రవంలో నూనెను 1 శాతం కలిపారు. దాన్ని మళ్లీ 0.1 శాతానికి పలచన చేశారు. సెంటీమీటరు వెడల్పున్న క్వార్ట్జ్ గొట్టంలో పోసి, కాంతిని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 290 నుంచి 320 నానోమీటర్ల తరంగాల దాకా ఐదేసి నానోమీటర్లకు ఒకసారి అబ్జార్బెన్స్ చూశారు. కాంతి ఎంత ఆగిందో చెప్పే అంకె అది: 1 అయితే పదో వంతు కాంతే దాటుతుంది, 2 అయితే నూరో వంతే. ఆ ఏడు అంకెలను ఈ సూత్రంలో వేశారు. Abs అంటే అబ్జార్బెన్స్. కుడి వరుస EE·I, అంటే ఆ తరంగం చర్మాన్ని ఎంత ఎర్రబరుస్తుంది, ఎండలో ఎంత ఉంటుంది అన్న రెండింటినీ గుణించిన అంకె:

```
SPF = 10 × Σ [ EE(λ)·I(λ) × Abs(λ) ]

290  0.0150
295  0.0817
300  0.2874
305  0.3278
310  0.1864
315  0.0839
320  0.0180
```

కుడి వరుసను కూడితే దాదాపు 1 వస్తుంది. అంటే ఆ పరిధి అంతటా అబ్జార్బెన్స్ 0.7 ఉంటే ఎస్‌పీఎఫ్ 7 అని తేలుతుంది. సూత్రం చేసే పని అంతే, సగటు అబ్జార్బెన్స్‌ను పదితో గుణించడం. ఇందులో చర్మం లేదు, పూత లేదు, ఎర్రబడటం లేదు.

రెండోబెంచి:
దోషం ఎక్కడుందో ఇక్కడే దొరికిపోయింది. గొట్టం వెడల్పు 1 సెంటీమీటరు. చర్మం మీద నూనె పొర 20 మైక్రాన్లు, అంటే ఐదువందల వంతు. అంత మందం గుండా కొలిస్తే ఏ నూనెకైనా 7 వస్తుంది. ఆ 7ను 500తో భాగించాలి.

క్యూవెట్:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు, కానీ జవాబు అది కాదు. గొట్టంలో ఉన్నది చిక్కటి నూనె కాదు కదా, 0.1 శాతం. 1 సెంటీమీటరు అంటే 10,000 మైక్రాన్లు. అందులో వెయ్యో వంతు నూనె, అంటే కాంతి దాటేది 10 మైక్రాన్ల మందం నూనెతో సమానం. చర్మం మీది పొరతో పోలిస్తే సగం. కాబట్టి మందం వల్ల అంకె ఉబ్బలేదు. నిజంగా 10 మైక్రాన్ల కొబ్బరి నూనె 0.7 అబ్జార్బెన్స్ చూపిస్తే, 20 మైక్రాన్ల పొర 1.4 చూపించాలి. అప్పుడు 4 శాతం కాంతే దాటుతుంది, ఎస్‌పీఎఫ్ 25 అవుతుంది. ఆ పట్టికను అక్షరాలా నమ్మితే కొబ్బరి నూనె 25! ఇది ఎవరూ అనరు, ఆ పత్రం రాసినవాళ్లూ అనలేదు.

కాబట్టి ఆ 0.7లోనే ఏదో తేడా ఉంది.

వేపచిగురు:
మరి ఆ తేడా ఏమిటి? మిషన్ అబద్ధం చెప్పదు కదా.

క్యూవెట్:
మిషన్ అబద్ధం చెప్పదు, కానీ దానికి తెలిసింది ఒక్కటే: ఈ వైపు నుంచి బయల్దేరిన కాంతిలో ఎదురుగా ఉన్న డిటెక్టర్‌కు ఎంత చేరింది అని. చేరనిదంతా "పీల్చుకుంది" అని రాసుకుంటుంది. దారిలో పక్కలకు చెదిరిపోయిన కాంతికీ, నిజంగా పీల్చుకున్న కాంతికీ దానికి తేడా తెలియదు.

ఇప్పుడు 60 పాళ్లు నీళ్లున్న ద్రవంలో కొబ్బరి నూనె వేసి కుదిపితే ఏమవుతుంది? కరగదు. చిన్న చిన్న బొట్లుగా విడిపోయి మజ్జిగలాగా తెల్లబడుతుంది. ఆ బొట్లు కాంతిని నలువైపులా చెదరగొడతాయి. మిషన్ దాన్ని 0.7 అని రాసింది. గొట్టంలో నీళ్లు కలిపిన పాలు పోసినా ఇలాంటి అంకె వస్తుంది, పాలకు ఎస్‌పీఎఫ్ ఉందని ఎవరూ అనరు.

దీన్ని పట్టుకోవడం తేలిక. 290 నుంచి 320 దగ్గరే ఆగకుండా 600 నానోమీటర్ల దాకా చూడాలి. కొబ్బరి నూనెకు రంగు లేదు, 600 దగ్గర అది పీల్చుకునేదేమీ ఉండదు, గీత సున్నా దగ్గర ఉండాలి. అక్కడ కూడా 0.4, 0.5 వస్తోందంటే అదంతా చెదిరిన కాంతే. ఇంకో గుర్తు: గొట్టాన్ని కదపకుండా పది నిమిషాలు ఉంచి మళ్లీ కొలవండి. నిజమైన ద్రావణమైతే అంకె మారదు. బొట్లయితే నూనె పైకి తేలుతూ ఉంటుంది, అంకె జారుతూ ఉంటుంది. నువ్వుల నూనెకు 2 లోపు, కొబ్బరికి 7 రావడానికి కూడా ఏ శాంపిల్‌ను ఎంత కుదిపారు, బొట్టు ఎంత సన్నగా విరిగింది, ఎంతసేపటికి కొలిచారు అన్నవే చాలు. నూనె గుణం అవసరం లేదు.

నూనెగానుగ:
ఇది మీ అనుమానం. నూనె నిజంగా కరిగే ద్రవంలో కొలిచి చూపిస్తే ఒప్పుకుంటాను.

క్యూవెట్:
న్యాయమే. ఆలివ్ నూనెకు ఆ కొలత దాన్ని పరీక్షించే ల్యాబుల్లో మామూలుగా జరిగేదే, సన్‌స్క్రీన్ కోసం కాదు, కల్తీ పట్టుకోవడానికి. 1 గ్రాము నూనెను ఐసోఆక్టేన్ అనే ద్రవంలో కరిగించి 100 మిల్లీలీటర్లకు తెచ్చి, సెంటీమీటరు గొట్టంలో 268 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ చూస్తారు. దాన్ని K268 అంటారు. ఎక్స్‌ట్రా వర్జిన్ అని అమ్మాలంటే అది 0.22 దాటకూడదు. అంతర్జాతీయ ఆలివ్ మండలి ప్రమాణం అది. ఐసోఆక్టేన్‌లో నూనె పూర్తిగా కరుగుతుంది, గొట్టం అద్దంలా ఉంటుంది, చెదిరే బొట్లు ఉండవు. మంచి నూనెకు 268 దాటి 300 వైపు వెళ్లేకొద్దీ ఈ అంకె ఇంకా తగ్గుతుంది. నూనెకు అనుకూలంగానే ఉండనిద్దాం, 0.22 మొత్తం ఇచ్చేద్దాం.

ఇప్పుడు అదే నూనెను పత్రంలోని 0.1 శాతానికి తెస్తే అబ్జార్బెన్స్ 0.02. పదితో గుణిస్తే ఎస్‌పీఎఫ్ 0.2. పట్టికలో ఆలివ్‌కు ఉన్నది 7.5. మిగిలిన 7.3 ఎక్కడిదో మీరే చెప్పండి.

అన్నట్టు 0.2 అన్న అంకే ఒక తమాషా. ఏమీ పూయని చర్మానికి ఎస్‌పీఎఫ్ 1, అంతకంటే తగ్గడానికి లేదు. ఈ సూత్రంలో ఖాళీ గొట్టం పెడితే సున్నా వస్తుంది. 8 శాతం హోమోసలేట్ ఉన్న ఒక ప్రామాణిక సన్‌స్క్రీన్‌కు 4 వచ్చేలా ఆ 10 అన్న గుణకాన్ని సరిపెట్టారు. సన్‌స్క్రీన్లలో యూవీని పీల్చుకునే ఫిల్టర్లలో ఆల్కహాల్‌లో కరిగేవాటిని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది. నూనెల కోసం పుట్టిన సూత్రం కాదు.

ఇక చర్మం మీదికి వద్దాం. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూశామనుకుంటే అబ్జార్బెన్స్ 0.044. దాదాపు 90 శాతం కాంతి దాటేస్తుంది. ఎస్‌పీఎఫ్ 1.1. రెండు పూతలు పూస్తే 14 కాదు, 1.2. నిజానికి రెండో పూత నిలవదు, జారిపోతుంది.

వేపచిగురు:
విటమిన్ ఇ సంగతి మిగిలింది. నూనెగానుగ గారు అన్నది పూర్తిగా తప్పా?

లేపనం:
తప్పు కాదు, మోతాదు మర్చిపోయారు. విటమిన్ ఇ 292 నానోమీటర్ల దగ్గర నిజంగానే పీల్చుకుంటుంది. 1 శాతం ద్రావణానికి, సెంటీమీటరు గొట్టంలో, దాని అబ్జార్బెన్స్ లెక్కన సుమారు 75. కానీ ఆలివ్ నూనెలో అది 100 గ్రాములకు 20 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటుంది, కొబ్బరి నూనెలో అంతకంటే చాలా తక్కువ. ఆ 20 మిల్లీగ్రాముల లెక్కన చర్మం మీది పొరలో దాని వాటా అబ్జార్బెన్స్ 0.003. లేనట్టే.

పోలికకు సన్‌స్క్రీన్లలో వాడే ఆక్టినాక్సేట్‌ను తీసుకోండి. అదే కొలతలో, 310 నానోమీటర్ల చుట్టుపక్కల, దాని అంకె సుమారు 850. ఆలివ్ నూనెకు 0.22. చూడటానికి ఆక్టినాక్సేట్ కూడా నూనెలాంటి ద్రవమే, రంగు లేదు, జిడ్డుగా ఉంటుంది. తేడా అణువులో ఉంది. దాంట్లో బెంజీన్ వలయం, దాని పక్కనే జంటబంధం, ఆ పక్కనే కార్బొనిల్ వరసగా గొలుసులా ముడిపడి ఉంటాయి. యూవీబీ, అంటే చర్మాన్ని ఎర్రబరిచే యూవీ కిరణాల, శక్తికి సరిగ్గా సరిపడే అమరిక అది. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వులే, జంటబంధాలే బహు తక్కువ. 300 దగ్గర పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. నూనె మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే కాదిది. కిటికీకి తెరలేదు, అంతే.

మందారం:
ఆలస్యంగా చేరాను. కొబ్బరి నూనె వెంట్రుకల లోపలికి ఇంకుతుందని, ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లోనే పరిశోధన వచ్చింది కదా. మరి పనిచేయదని అందరూ ఎందుకంటున్నారు? నేను ఏళ్లుగా తలకు రాసుకునే ఎండలోకి వెళ్తాను, జుట్టు బాగానే ఉంది.

లేపనం:
ఆ పరిశోధన సంగతి నిజమేనండీ, రేలే, మొహిలే వాళ్లది. కానీ అక్కడ కొలిచింది తల కడిగేటప్పుడు, దువ్వేటప్పుడు జుట్టులోంచి పోయే ప్రొటీన్‌ను. ఇక్కడి మాట చర్మం ఎర్రబడటం గురించి. జుట్టు కాపాడుకోవడానికి నూనె రాయండి, ఎవరూ వద్దనరు. పాపిట దగ్గర చర్మం కనిపిస్తుంది చూడండి, అక్కడ మాత్రం నూనె ఉన్నా ఎండ తగులుతుంది.

మందారం:
ఓహో, పాపిట సంగతి నాకు తట్టలేదు. ఇంకో మాట విన్నాను. నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే మూకుడులో వేగినట్టు చర్మం వేగుతుందట. నిజమా?

తెల్లకోటు:
వేగడం అనేది అతిశయోక్తి. ఎండలో నూనె పొర అంత వేడెక్కదు. కానీ ఆ మాట వెనక చిన్న నిజం లేకపోలేదు. కాంతితో చికిత్స చేసే ఫోటోథెరపీ గదిలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. సోరియాసిస్ మచ్చలకు యూవీబీ ఇచ్చే ముందు పలచగా మినరల్ ఆయిల్ లాంటి ద్రవ నూనె పూస్తారు, కాంతి లోపలికి బాగా వెళ్లాలని.

పొడి పొలుసు తెల్లగా కనిపిస్తుంది ఎందుకు? పొలుసుకూ దాని మధ్యలోని గాలికీ వక్రీభవన గుణకంలో తేడా ఎక్కువ. గాలికి 1, చర్మపు పైపొరకు 1.55 దరిదాపు. ప్రతి అంచు దగ్గరా కొంత కాంతి వెనక్కి తిరుగుతుంది. నూనెకు 1.45. అది ఆ సందుల్లో నిండగానే తేడా తగ్గి, తెల్లదనం పోయి మచ్చ ఎర్రగా, పారదర్శకంగా కనిపిస్తుంది. కాగితం మీద నూనె చుక్క పడితే అవతలి అక్షరాలు కనిపించడం లాంటిదే. మామూలు చర్మం మీద ఈ ప్రభావం చిన్నది, పొడిబారి పొలుసులు లేచిన చర్మం మీద ఎక్కువ. కాబట్టి నూనె ఆపేది ఆ పది శాతమే అనుకుంటే, వెనక్కి తిరగాల్సిన కాంతిని లోపలికి రానిచ్చి అందులో కొంత మళ్లీ పోగొడుతుంది.

రెండోబెంచి:
కానీ వాజెలిన్ దట్టంగా పూస్తే యూవీ తగ్గుతుందని ఫోటోథెరపీ వాళ్లే అంటారుగా? అంటే నూనె కూడా దట్టంగా పూస్తే ఆపాలి.

తెల్లకోటు:
అంటారు, నిజమే. మందంగా, ముద్దగా ఉంటే ఏదైనా కొంత ఆపుతుంది. అందుకే చికిత్సకు ముందు చిక్కటి లేపనాలు, సాలిసిలిక్ యాసిడ్ ఉన్నవి తుడిచేయమంటారు. కానీ కొబ్బరి నూనె 24, 25 డిగ్రీలకే కరుగుతుంది, చర్మం వేడి అంతకంటే ఎక్కువ. అది ముద్దగా నిలవదు. చర్మం నున్నటి పలక కాదు, గట్లూ గుంటలూ ఉంటాయి. పలచటి నూనె గట్ల మీంచి గుంటల్లోకి జారుతుంది. గట్ల మీద మిగిలేది నామమాత్రం.

నూనెగానుగ:
సరే, పట్టిక మీద నాకిప్పుడు నమ్మకం పోయింది, కానీ నా కళ్లతో చూసే వీలుందా? ల్యాబ్ లేకుండా.

క్యూవెట్:
ఉంది, యూవీ ఇండెక్స్ చూపే చేతి మీటరు ఒకటుంటే. యూవీకి రంగు మారే పూసలు వద్దు. అవి కొంచెం యూవీకే పూర్తిగా రంగెక్కిపోతాయి, తేడా కనిపించదు. పైగా అవి చూసేది ప్రధానంగా యూవీఏ, అంటే యూవీబీ కంటే పొడవైన తరంగాలు.

పారదర్శకమైన పాలిథీన్ సంచిని కత్తిరించి చిన్న ఫ్రేముకు బిగువుగా అతికించండి. గాజు పలక వాడొద్దు, గాజు తనే యూవీబీని ఆపేస్తుంది, ఏది పూసినా గెలుస్తుంది. నీళ్ల సీసా ప్లాస్టిక్ కూడా వద్దు, అదీ కొంత ఆపుతుంది. 5 సెంటీమీటర్ల చదరం గీసుకోండి. 25 చదరపు సెంటీమీటర్లకు 50 మిల్లీగ్రాములు కావాలి, అంటే నూనె రెండు చుక్కలు. వేలితో సమంగా పరచండి. మబ్బు లేని మధ్యాహ్నం మీటరును సూర్యుడి వైపు ఒకే కోణంలో నిలిపి, ఖాళీ పాలిథీన్ కింద ఒకసారి, నూనె పాలిథీన్ కింద ఒకసారి, ఏదైనా సన్‌స్క్రీన్ అదే 50 మిల్లీగ్రాములు పూసి పావుగంట ఆరాక ఒకసారి చదవండి. ఒక్కొక్కటి మూడుసార్లు.

మీటరు 9 చూపిస్తుంటే నూనె కింద 8, 8.5 అలా కనిపించాలి. చేయి వణికినా అంత తేడా వస్తుంది. సన్‌స్క్రీన్ కింద 1 లోపుకు పడిపోతుంది. ఇది ఎస్‌పీఎఫ్ కొలత కాదు, నున్నటి పాలిథీన్ మీద సన్‌స్క్రీన్ అంకె అసలుదానికి సరిపోదు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో చూడటానికి మాత్రం చాలు.

అసలు కొలత మనుషుల మీదే జరుగుతుంది. ఐఎస్ఓ 24444 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసి, పెరుగుతున్న మోతాదుల్లో యూవీ ఇచ్చి, ఎంత తక్కువ మోతాదుకు చర్మం ఎర్రబడిందో మర్నాడు చూస్తారు. పూసినచోటి మోతాదును పూయని చోటి మోతాదుతో భాగిస్తే వచ్చేదే ఎస్‌పీఎఫ్.

వేపచిగురు:
నాకు ఇంకో ఆలోచన. కొబ్బరి నూనె ఒక్కటీ చాలదు సరే, అందులో జింక్ ఆక్సైడ్ పొడి కలిపితే? 80 గ్రాముల నూనెకు 20 గ్రాముల జింక్ అని చాలాచోట్ల రాస్తున్నారు. సన్‌స్క్రీన్లలో కూడా ఉండేది అదే కదా.

లేపనం:
పదార్థం అదే, పూత అది కాదు. ఇది ఇంట్లో చేసే అన్నింటిలోకి మోసపూరితమైనది, ఎందుకంటే చూడటానికి తెల్లగా, నిజం సన్‌స్క్రీన్‌లాగే ఉంటుంది.

జింక్ ఆక్సైడ్ సాంద్రత 5.6, నూనెది 0.92. చెంచాతో కలిపిన పొడి నూనెలో గుంపులు కడుతుంది, అడుక్కి దిగుతుంది. ఇవాళ పైనుంచి తీసిన చెంచాలో 5 శాతం ఉండొచ్చు, వారం తర్వాత అడుగున గీరినదాంట్లో 40 ఉండొచ్చు. అదొక్కటే అయితే ప్రతిసారీ కలుపుకోవచ్చు. గుంపుల సంగతి కలిపినా పోదు. కర్మాగారాల్లో పాలీహైడ్రాక్సీస్టియరిక్ యాసిడ్ లాంటివి వేసి, రోలర్ మిల్లుల మధ్య నలిపి ఆ గుంపులను విడగొడతారు.

గాజు పలక మీద సన్నగా పూసి దీపానికి అడ్డం పెట్టి చూడండి. తెల్లటి చుక్కలు, వాటి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ఖాళీలే దెబ్బ తీసేది. పూత విస్తీర్ణంలో పదో వంతు ఖాళీ ఉందనుకోండి. మిగిలిన తొమ్మిది వంతులు ఇనుప రేకులా ఆపినా, పదో వంతు గుండా 10 శాతం కాంతి దూరుతుంది. 1ని 0.1తో భాగిస్తే 10. జింక్ ఎంత పోసినా ఎస్‌పీఎఫ్ 10 దాటడానికి లేదు. సన్‌స్క్రీన్ తయారీలో సగం పని ఫిల్టర్ కాదు, ఆ పూత చిల్లులు లేకుండా పరుచుకుని అలాగే ఆరడం.

అదే కారణంతో కొన్న సన్‌స్క్రీన్‌లో సగానికి సగం కొబ్బరి నూనె కలిపి పూయడం కూడా వద్దు. ఫిల్టర్ సగమవడం కనిపించే నష్టం. ఆరాక గట్టిపడాల్సిన పొర నూనెతో తడిగా ఉండిపోయి జారడం కనిపించనిది. పొడిబారే చర్మమైతే నూనె ముందు రాయండి, ఇరవై నిమిషాలు ఆగండి, మిగిలిన జిడ్డు గుడ్డతో అద్దేయండి, ఆ పైన సన్‌స్క్రీన్. తిరగేసి చేయొద్దు.

రెండోబెంచి:
రాస్ప్‌బెర్రీ గింజల నూనెకు 28 నుంచి 50 అని ఉంటుంది, దాని సంగతి?

క్యూవెట్:
అది 2000లో ఫుడ్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక పత్రం నుంచి పుట్టింది. ఆ నూనె ఏయే యూవీ తరంగాలను పీల్చుకుంటుందో గీత గీసి, టైటానియం డయాక్సైడ్ ఉన్న లేపనాలతో పోల్చారు. ఆ అంకెలు లేపనాలవి. ఆ నూనెను మనుషుల మీద పూసి ఎస్‌పీఎఫ్ కొలవలేదు. పోలిక కోసం పక్కన నిలబెట్టినవాడి పొడవు వీడికి అంటగట్టినట్టు.

నూనెగానుగ:
అయితే ఒక్క ప్రశ్న. కొబ్బరికి అణువులో ఆ గొలుసు లేదన్నారు, ఒప్పుకున్నాను. కానుగ నూనెకు ఉందిగా? అందులో ఉండే కరంజిన్, పొంగమోల్ అనే పదార్థాల్లో.

లేపనం:
మంచి ప్రశ్న వేశారు, ఈసారి మీ మాట నిలబడుతుంది. పొంగమోల్ నిజంగానే యూవీఏలో, 350 నానోమీటర్ల దగ్గర్లో పీల్చుకుంటుంది, అణువు అమరిక కూడా సన్‌స్క్రీన్లలో వాడే అవోబెంజోన్ అనే యూవీఏ ఫిల్టర్‌ను పోలి ఉంటుంది. చాలా సన్‌స్క్రీన్లు తడబడేది అక్కడే. కాబట్టి కానుగను కొబ్బరితో ఒకే గాటన కట్టలేం.

కానీ నూనె నూనెగా పూస్తే చాలినంత ఉంటుందా అన్నది వేరే సంగతి. గింజను బట్టి, వడపోతను బట్టి ఆ పదార్థాలు మారతాయి. శుద్ధి చేసి వాసన, చేదు తీసేస్తే వాటిలోనూ కొంత పోతుంది. తీయకపోతే ముఖానికి పూయలేం. వేరుచేసి గాఢంగా వాడితే పనికొస్తుందేమో, అప్పుడది నూనె కాదు, మొక్క నుంచి తీసిన యూవీ ఫిల్టర్. ఎండలో ఎంతసేపు చెదరకుండా ఉంటుందో కూడా చూడాలి.

క్యూవెట్:
నాకు అక్కడ అంత ఆశ లేదు. పీల్చుకోవడం ఒకటి, ఎండలో రెండు గంటలు నిలవడం ఒకటి. అవోబెంజోన్ కూడా స్థిరపరిచే తోడు లేకపోతే కాంతికి విరిగిపోతుంది. అమరిక పోలి ఉంటే జబ్బు కూడా పోలి ఉండొచ్చు.

లేపనం:
ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. పొంగమోల్ పలచటి పొరను రెండు గంటలు ఎండలో ఉంచి, ముందూ వెనకా ఐసోఆక్టేన్‌లో కరిగించి గీతలు పోల్చితే తేలిపోతుంది. 40:60 నీళ్లలో మాత్రం కాదు.

వేపచిగురు:
నాకు కావాల్సింది దొరికింది. ఆ పట్టిక పంచుకున్న చోట 600 నానోమీటర్ల సంగతి కింద రాసి వస్తాను. కానుగ మీద కొలత ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే పెట్టండి, ఈ చర్చ తెరిచే ఉంచుతున్నాను.